ఆడపెండ్లివారి నోట ద్విపద దీవెన

లేపాక్షి వీరభద్రాలయంలో అసంపూర్తిగా నిలిచిన కల్యాణమండపాన్ని మన యాత్రికులు ఎరుగుదురు. పార్వతీ పరమేశ్వరుల పెండ్లిని తలపించే ఆ స్తంభాలపై దీవించడానికి వచ్చినవారే శిల్పాలై నిలిచారు. నేటి పెండ్లిపందిళ్లలో మాత్రం మంత్రం పురోహితునిది, మేళం వాద్యకారులది. కన్యనిచ్చే కుటుంబం అక్షతలు చల్లి మౌనంగా తప్పుకొంటున్నది. ఆ కుటుంబం ఒక్క గొంతుతో పలకదగిన దీవెనకు తెలుగులో సిద్ధంగా ఉన్న ఛందస్సు ద్విపద. పాల్కురికి సోమనాథుడు బసవపురాణాన్నీ, తాళ్లపాక తిమ్మక్క సుభద్రాకల్యాణాన్నీ ఈ ఛందస్సులోనే రచించారు.

ద్విపద అంటే రెండు పాదాలు. ప్రతి పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం; అనగా మూడు పెద్ద అడుగులు, చివర ఒక చిన్న అడుగు. ఈ వ్యాసానికై కూర్చిన ఒక ద్విపదను చూడండి:

వానలు కురియగా వంకలు పార
చేనులు పండగా జీవింపు మమ్మ

మొదటి పాదాన్ని ‘వానలు – కురియగా – వంకలు – పార’ అని విడదీసి చదివితే అడుగులు చెవికే తెలుస్తాయి. మూడవ అడుగు మొదటి అక్షరం పాదపు మొదటి అక్షరంతో మైత్రి కలిగి ఉండాలి, ఇదే యతి. ఇక్కడ ‘వా’కు ‘వం’, రెండవ పాదంలో ‘చే’కు ‘జీ’ చెల్లుతాయి. ఇక ప్రాస రెండు పాదాల రెండవ అక్షరంలో ఉంటుంది: ‘వాన’, ‘చేన’ – రెంటా నకారమే. దాని ముందరి అక్షరం రెంటిలోనూ దీర్ఘమే కావడం గమనించండి.

శుభలేఖలలో కనిపించే పద్యాలలో ప్రాసను పాదం చివర వెదకడం నేడు పరిపాటి. పదిమంది కలిసి పలికేచోట దానివలన ప్రయోజనం తక్కువ. పాదం చివరికి వచ్చేసరికి గొంతులు ఎలాగూ కలుస్తాయి. చిక్కంతా ఎత్తుకోవడంలోనే ఉంటుంది. ప్రాస మొదట్లో ఉన్నందున ‘వాన’ అని విన్న అవ్వకు ‘చేన’ అన్నది తానై నోటికి వస్తుంది. యతిస్థానం మధ్యలో ఊపిరి తీసుకొని మళ్లీ కలిసే చోటు.

పెద్దావిడ ఒకరు మొదటి రెండు అడుగులు పలికితే, యతి దగ్గర మిగిలినవారు అందుకోవచ్చు. చదువురాని వారికీ ఇది సులభం.

తప్పు ఎక్కడ వినబడుతుందో చూద్దాం. ‘వంకలు’ బదులు ‘చెరువులు’ అంటే నడక చెడదు, అర్థమూ చక్కనిదే. కాని ‘వా’కు ‘చె’తో మైత్రి లేదు. పాదం నడుమ గొంతులు చెదురుతాయి. ‘చేనులు’ బదులు ‘పైరులు’ అంటే ప్రాస పోతుంది, రెండవ పాదాన్ని కొందరు ఆలస్యంగా ఎత్తుకొంటారు. ఇంటివారు రాసుకొన్న దీవెనను ఇద్దరు ముగ్గురు కలిసి చదివి చూస్తే తడబడినచోటే దోషం ఉన్నదని తెలుసుకోవచ్చు.

వధువు పేరు చేర్చాలన్న కోరిక సహజం. పాదం మొదట పేరు పెడితే దాని రెండవ అక్షరానికి ప్రాస వెదకాలి. ‘లక్ష్మి’ వంటి పేరుకు అది కష్టం. పేరుకు తగిన చోటు పాదం చివరి చిన్న అడుగు.

చల్లగా నుండుమీ చక్కని తల్లి
పల్లెకు వెలుగువై బంధువుల్ మెచ్చ

ఇందులో ‘తల్లి’ ఉన్నచోట లక్ష్మి, గౌరి, సీత, సరళ – ఏదైనా ఇముడుతుంది. ‘సుజాత’ ఇమడదు, నడుమ దీర్ఘం అడ్డుపడుతుంది. అటువంటప్పుడు ‘తల్లి’ అనే ఉంచడం మేలు.

మన సీమలో మరొక జాగ్రత్త అవసరం. సాలీనా సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రతికే నేల ఇది. ‘కరువు రాకుండుగాక’ అనాలని నోరు ఊరుతుంది. కాని పెండ్లిపీటల ముందు లేనిదానిని కోరడం కంటె ఉన్నదానిని పలకడం సంప్రదాయం. కరువు, కన్నీరు అన్న మాటలు నిషేధార్థంలోనైనా వద్దు. వాన, వంక, చేను అని నేరుగా పలకండి. దంపతులిద్దరినీ ఉద్దేశించిన ఈ ద్విపదలోనూ అదే పద్ధతి:

జంటగా నిలువుడీ చల్లని నీడ
పంటలు పండిన భాగ్యంబు తోడ

దీనిలో చివరి ‘డ’కారం కూడా కలిసింది. అది అదనపు సొంపే. ప్రాస మాత్రం ‘ంట’.

ఎప్పుడు పలకాలన్నది ముందుగానే పురోహితునితో మాట్లాడుకోవాలి. జీలకర్ర బెల్లం వేళ, మాంగల్యధారణ వేళ వద్దు. గట్టిమేళంలో ఒక్క మాటా వినబడదు, మంత్రానికీ అడ్డు. తలంబ్రాలప్పుడు నవ్వులు, సందడి. తలంబ్రాలు ముగిసి పెద్దలు అక్షతలు వేయడానికి లేచినప్పుడు గాని, అప్పగింతలకు ముందు గాని మేళాన్ని ఆపమంటే సరిపోతుంది. అప్పగింతల నడుమ పెట్టుకొంటే తల్లి గొంతు పూడుకుపోతుంది. ఎత్తుకొనే బాధ్యత మేనత్తకు అప్పగించండి. మూడు నాలుగు ద్విపదలు చాలు. అక్షతలు పిడికిట ఉంచుకొని, చివరి పాదం ముగిసిన తరువాతనే అందరూ ఒక్కసారిగా చల్లాలి.