ఇన్సులిన్ పెన్ను వాడకం తెలుగులో చెప్పాల్సింది ఎవరు?

దేవరకొండ దగ్గరి ఊరి నుంచి నల్గొండ వచ్చిన డెబ్బై ఏళ్ల అవ్వకు షుగర్ బాగా ఎక్కువుందని తేలి, పొద్దున 12, రాత్రి 8 యూనిట్లు తీసుకోవాలని చీటీ రాశారనుకుందాం. మెడికల్ షాపులో పెన్ను, సూదుల డబ్బా ఇస్తారు. పెట్టెలోని కాగితం చాలాసార్లు ఇంగ్లిషులో, కంటికి ఆనని అక్షరాల్లో ఉంటుంది. దాన్ని అవ్వకు విడమరిచి చెప్పడం ఇంట్లో చదువుకున్న మనవడి పని అని అందరూ అనుకుంటారు. చట్టం అలా అనుకోలేదు. అమ్మినవారు, వైద్యం చేసినవారు, తయారుచేసినవారు ముగ్గురూ సరైన సూచనలు ఇవ్వాలని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. ఆ సూచనలు రోగికి అర్థమయ్యే భాషలో లేకపోతే అవి సరైన సూచనలే కావని నా వాదన.

ఎందుకంటే ఇక్కడ చిన్న పొరపాటు కూడా ప్రాణం మీదికి తెస్తుంది. పెన్ను సూదికి రెండు మూతలుంటాయి. పెద్దది తీశాక లోపల సూదిని అంటుకుని ఇంకో సన్నటి మూత ఉంటుంది. దాన్ని తీయకుండా పొడుచుకుంటే ఇన్సులిన్ ఒంట్లోకి పోదు. అమెరికాలో సురక్షిత మందుల వాడకంపై పనిచేసే సంస్థ ఒకటి 2017లో సరిగ్గా ఈ పొరపాటు గురించే హెచ్చరించింది. ఆసుపత్రిలో ఒక రకం సూది చూపించారు, ఇంటికి మరో రకం ఇచ్చారు, చివరికి ఒక రోగి చనిపోయారు. కాబట్టి "వేసుకోవడం వచ్చా?" అని అడిగి తలూపించుకుంటే చాలదు. అవ్వ చేతికే పెన్ను ఇచ్చి చేయించి చూడాలి. మందు తెల్లగా మబ్బుగా ఉండే రకమైతే పదిసార్లు అరచేతుల మధ్య దొర్లించి, పదిసార్లు పైకీ కిందికీ తిప్పాలి. కొత్త సూది బిగించి రెండు మూతలూ తీసి, 2 యూనిట్లు గాలిలోకి వదిలి, సూది మొనన చుక్క కనబడ్డాకే 12కు తిప్పాలి. పొడిచి బొత్తాం పూర్తిగా నొక్కాక పది లెక్కపెట్టి సూది తీయాలి. బొడ్డుకు రెండు వేళ్ల దూరం వదిలి పొట్టను నాలుగు భాగాలు చేసుకుని, వారానికో భాగంలో, ప్రతిసారీ ఒక వేలి వెడల్పు జరిపి పొడవాలి. నొప్పి తెలియట్లేదని ఒకేచోట పొడిస్తే అక్కడ చర్మం కింద గడ్డ కడుతుంది. ఆ గడ్డలో వేసిన మందు ఒకరోజు పనిచేస్తుంది, ఒకరోజు చేయదు. వేలితో తడిమితే గట్టిగా తగులుతుంది. అయితే గడ్డ వదిలి మంచి చోటికి మారినప్పుడు అదే డోసుకు షుగర్ పడిపోవచ్చు, అందుకే డాక్టరుకు చెప్పి మారాలి.

నిల్వ సంగతి ఈ మెట్ట జిల్లాలకు మరీ ముఖ్యం. వాడుతున్న పెన్నును 30 డిగ్రీల లోపు ఉంచి, చాలా రకాలను 28 రోజుల్లో ముగించాలి. మే నెలలో నల్గొండలో ఎండ 40 దాటుతుంది. తెరవని పెన్ను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకట్టిందాన్ని కరిగించి వాడకూడదు. ఫ్రిజ్ లేనివాళ్లు రెండు మట్టికుండల మధ్య తడి ఇసుక పోసి, లోపలి కుండలో తడి తగలకుండా డబ్బాలో పెట్టుకోవచ్చు. వాడిన సూదికి పెద్ద మూత జాగ్రత్తగా తొడిగి విప్పి, మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి మూతపెట్టాలి. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు వాడిన సూదుల్ని ఇళ్లలో పుట్టే ప్రమాదకర చెత్త కింద చేర్చి, విడిగా అప్పగించాలన్నాయి. మామూలు చెత్తలో పడితే అది గుచ్చుకునేది పారిశుద్ధ్య కార్మికుల చేతులకే.

కంపెనీని అడిగితే తప్పించుకునే దారి ఉంది. నిపుణుల పర్యవేక్షణలోనే వాడాల్సిన వస్తువైతే, నిపుణులకు తగినవిధంగా సూచనలు ఇచ్చిన తయారీదారు బాధ్యుడు కాడని వినియోగదారుల రక్షణ చట్టంలోని 87వ సెక్షన్ అంటుంది. అది నిజమే. కానీ కంపెనీ డాక్టరుకు చెప్పి ఊరుకుంటే, ఆ మాట రోగిదాకా చేర్చే బరువు డాక్టరు మీదా షాపు మీదా పడుతుంది. వాడకం సూచనలు అందించకుండా అమ్మి, నేరుగా దానివల్లే హాని జరిగితే అమ్మినవారు బాధ్యులని 86వ సెక్షన్, తగిన సూచనలు ఇవ్వని వైద్యసేవకులు బాధ్యులని 85వ సెక్షన్ చెబుతున్నాయి. మందు ఎలా వాడాలో, ఎలా నిల్వ చేయాలో రిజిస్టర్డ్ ఫార్మసిస్టే స్వయంగా రోగికి చెప్పాలని 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు అంటున్నాయి. "చట్టంలో తెలుగు అన్న మాట ఎక్కడుంది?" అని అడగొచ్చు. లేదు. కానీ చదువురాని మనిషికి ఇంగ్లిషు కాగితం ఇవ్వడాన్ని సూచన అనగలమా? పాలమూరులో ఉర్దూ, లంబాడీ మాట్లాడే పెద్దల విషయంలోనూ ఇదే ప్రశ్న.

సర్కారు దవాఖానలో అందరికీ ఉచితంగా ఇచ్చే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి రాదని 1995లో సుప్రీంకోర్టు వి.పి. శాంత కేసులో తేల్చింది. అక్కడ పొరపాటు జరిగితే సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా ఇచ్చి, మానవ హక్కుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చీటీ దవాఖానదైనా పెన్ను బయట డబ్బుపెట్టి కొంటే, ఆ షాపుకు మాత్రం ఈ మినహాయింపు వర్తించదు. అందుకే బిల్లు, పెట్టె, బ్యాచ్ నంబరు, చీటీ పారేయకండి. హాని జరిగిన రెండేళ్లలోపు మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. కొన్న విలువ ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. ముందుగా 1915కి ఫోన్ చేసి మీ విషయం చెప్పుకోవచ్చు.