ఏడాది వానకు దూరం, ఒక్కరోజు వానకు ఎత్తు

గుట్ట వాలులో గట్లు వేయాలంటే ముందు రెండు లెక్కలు తేలాలి. గట్టుకూ గట్టుకూ మధ్య ఎంత దూరం ఉండాలి, ఒక్కో గట్టు ఎంత ఎత్తు ఉండాలి. దూరాన్ని నేల వాలు, ఏడాది మొత్తంలో కురిసే వాన కలిసి తేలుస్తాయి. ఎత్తును తేల్చేది మాత్రం పదేళ్లకోసారి వచ్చే ఒక్కరోజు పెద్దవాన. ఈ రెండు వానలనూ ఒకటిగా చూసి, "మా దిక్కు వానలే తక్కువ, చిన్న గట్లు చాలు" అనుకున్న చోటే గట్లు తెగుతాయి. అనంతపురం వైపు ఏడాదికి 550 మి.మీ. అటూఇటూగా పడుతుంది. అందులో ఐదో వంతు ఒక్క రోజులోనే దిగిపోవచ్చు.

ఆ ప్రాంతపు చేను ఒకటి తీసుకుని లెక్క వేద్దాం. గుట్ట పాదాన ఉన్న ఎర్ర ఇసుకపాటి నేల, వేరుశనగలో కంది సాళ్లు.

ముందు వాలు కొలవాలి. దీనికి పెద్ద పరికరమేం అక్కర్లేదు. తాపీ మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల గొట్టం, సెంటీమీటర్ల గీతలు పెట్టిన రెండు కర్రలు ఉంటే చాలు. వాన నీళ్లు తిన్నగా కిందికి జారే దారి వెంబడి 10 మీటర్ల ఎడంగా ఇద్దరు కర్రలు నిలబెట్టాలి. గొట్టంలో బుడగ లేకుండా చూసుకుని, నీరు కదలకుండా నిలిచాక రెండు కర్రల మీదా నీటిమట్టం చదవాలి. తేడా 40 సెం.మీ. వస్తే ఆ చోట వాలు 4 శాతం. ఇలా పైనుంచి కిందిదాకా కొలుచుకుంటూ పోతే వాలు ఒకేలా ఉండదని తెలుస్తుంది. మా చేను మొత్తం 4 శాతమే అని సగటు తీసి వదిలేయకూడదు. వాలు మారిన చోట చేనును రెండు ముక్కలుగా చూసి, దేని లెక్క దానికి వేయాలి.

గట్ల ఎడానికి మన దేశంలో నేల సంరక్షణ పాఠాల్లో చెప్పే కాక్స్ సూత్రం ఈ పనికి బాగా సరిపోతుంది. వాలును, వానను, నేల ఇంకుడు గుణాన్ని మూడింటినీ అది లెక్కలోకి తీసుకుంటుంది.

```
V = 0.3 × (X × S + Y)
H = V × 100 / S
```

V అంటే ఒక గట్టు మొదలుకి, దాని కింది గట్టు మొదలుకి మధ్య మట్టంలో తేడా, మీటర్లలో. H ఆ రెండింటికీ నేల మీద ఉండే ఎడం. S వాలు శాతం. X వానను బట్టి మారుతుంది: ఏడాదికి 640 మి.మీ. లోపు పడే చోట 0.8, 640 నుంచి 900 దాకా 0.6, అంతకు మించితే 0.4. Y నేలనూ పైరునూ బట్టి ఉంటుంది. నీరు బాగా ఇంకి, పైరు నేలను కప్పి ఉంచితే 2. రెండూ లేకపోతే 1. ఒకటి ఉండి ఒకటి లేకపోతే 1.5. మన చేను నేల బాగానే ఇంకుతుంది కానీ, వానలు మొదలయ్యేసరికి వేరుశనగ ఇంకా చిన్న మొక్కే, సాళ్ల మధ్య నేల బోడిగా ఉంటుంది. కాబట్టి 1.5 తీసుకోవడమే న్యాయం. 0.8ని 4తో హెచ్చిస్తే 3.2, దానికి 1.5 కలిపితే 4.7, అందులో పదింట మూడొంతులు 1.41 మీటర్లు. అంటే ఎడం సుమారు 35 మీటర్లు. ఎకరాకు ఇంచుమించు 115 మీటర్ల గట్టు పడుతుంది.

వాన ఎక్కువైతే X తగ్గుతుంది, గట్లు దగ్గరవుతాయి. ఇది గుర్తుంచుకోదగ్గ సంగతి. ఇదే 4 శాతం వాలు 1000 మి.మీ. కురిసే చోట ఉంటే ఎడం 23 మీటర్లకు దిగుతుంది. కానీ 700 మి.మీ. దాటే చోట నీటిని పూర్తిగా నిలబెట్టే గట్లు వేయడమే సరికాదు. అక్కడ గట్టు వెంబడి నూరు మీటర్లకు 20 నుంచి 40 సెం.మీ. మెత్తని వాలు పెట్టి, మిగులు నీరు నెమ్మదిగా గడ్డి వాగులోకి పోయేలా చూడాలి. లోతైన నల్లరేగడిలోనూ నీరు నిలబెట్టే గట్టు పనికిరాదు. ఎండలకు గట్టు బీటలు వారుతుంది, మొదటి వానకే ఆ బీటల్లోంచి నీరు దూరి తెగుతుంది. తెగకపోతే గట్టు పైవైపు పైరు రోజుల తరబడి నీటిలో ఉండి పసుపెక్కుతుంది.

ఇప్పుడు ఎత్తు. పదేళ్లకోసారి వచ్చే వాన ఒక్కరోజులో 11 సెం.మీ. అనుకుందాం. అందులో 6 ఇంకి, 5 సెం.మీ. పారిందనుకుందాం. 35 మీటర్ల పొడవున 5 సెం.మీ. నీరంటే, గట్టు మీటరు పొడవుకు సుమారు 1.76 ఘనపు మీటర్లు. ఇదంతా గట్టు వెనక నిలవాలి. నేల వాలుగా ఉంది కాబట్టి నీరు ముక్కోణంలా నిలుస్తుంది: గట్టు దగ్గర లోతు, పైకి పోయేకొద్దీ పలచన. 4 శాతం వాలులో 38 సెం.మీ. లోతు నీరు సుమారు 9.4 మీటర్ల దూరం పరుచుకుంటుంది. ఆ ముక్కోణం వైశాల్యం లెక్క వేసి చూస్తే ఇంచుమించు ఆ 1.76 వస్తుంది. దీన్నే సూత్రంగా రాస్తారు:

```
h = √(R × V / 50)
```

R పారే నీరు సెంటీమీటర్లలో, V మీటర్లలో పెడితే h మీటర్లలో వస్తుంది. సూత్రం మరిచిపోయినా ముక్కోణం గీసుకుంటే చాలు, ఎప్పుడైనా లెక్క తేల్చుకోవచ్చు.

నీటికి 38 సెం.మీ., అలుగు మీదుగా మిగులు పారేటప్పుడు గట్టు మునగకుండా మరో 15, కొత్త మట్టి అణిగిపోతుంది కాబట్టి ఇంకొంచెం. అంటే కట్టేటప్పుడు 60 సెం.మీ. ఎత్తుకు పోవాలి. పైన అర మీటరు వెడల్పు, ఎత్తుకు ఒకటిన్నర రెట్ల పక్కవాలు పెడితే అడుగున 2.3 మీటర్లు వస్తుంది. ఎకరాకు ఆరున్నర సెంట్ల దాకా నేల గట్ల కిందికి పోతుంది. ఈ సంగతి రైతుకు ముందే చెప్పాలి. చెప్పకుండా కట్టిస్తే రెండో ఏడు గట్టును పక్కల నుంచి దున్నుకుంటూ పోయి సన్నగా చేసేస్తాడు. ఆ ఆరున్నర సెంట్లు వృథా పోనక్కర్లేదు. గట్టు కిందివైపు కంది, ఆముదం, గ్లైరిసిడియా వేస్తే మట్టీ నిలుస్తుంది, ఎంతో కొంత చేతికొస్తుంది.

కాగితం మీద లెక్క అయ్యాక చేలో గీత గీయాలి. పని పైనుంచే మొదలు. కింది గట్లు ముందు వేస్తే, పైన ఆపేదేమీ లేక నీరంతా వాటి మీదే పడుతుంది. చేనుకు పైన రాతిగుట్ట ఉంటే మొదటి గట్టుకన్నా ముందు గుట్ట పాదాన కందకం తవ్వి, ఆ నీటిని పక్క వంకకు మళ్లించాలి. మనం వేసిన లెక్కలో ప్రతి గట్టూ తన పైనున్న 35 మీటర్ల నీటినే మోస్తుంది. గుట్ట నీరు వచ్చి కలిస్తే ఆ లెక్క చెల్లదు.

మొదటి గట్టుకు చేను పైఅంచు నుంచి 1.41 మీటర్ల మట్టం దిగి మేకు కొట్టాలి. అక్కడినుంచి ఒక కర్రను కదపకుండా, రెండో కర్రను 15, 20 మీటర్ల దూరం పక్కకు తీసుకెళ్లి, రెండింటి మీదా నీటిమట్టం ఒకే గీత మీద నిలిచేదాకా పైకీ కిందికీ జరపాలి. నిలిచిన చోట మరో మేకు. అలా మేకులు కొట్టుకుంటూ పోతే పాములా వంకర్లు తిరిగే గీత వస్తుంది. దాన్ని అలాగే కడితే గొర్రు తిరగదు. అందుకే కాస్త సాఫు చేయాలి. ఉబ్బెత్తు చోట 15 సెం.మీ. దాకా, పల్లం చోట 30 సెం.మీ. దాకా అసలు మట్టం నుంచి తప్పొచ్చు. కానీ గట్టు తల మాత్రం అంతటా ఒకే మట్టంలో ఉండాలి. కాబట్టి పల్లంలో గట్టు అంత ఎత్తూ, అడుగున అంత వెడల్పూ పెరుగుతుంది. గట్లు ఎక్కువగా తెగేది ఇక్కడే. పల్లంలోనూ మిగతా చోట్ల వేసినంత మట్టే వేసి ముందుకు పోతారు, తల అక్కడ అరడుగు దిగి ఉంటుంది, నీరు ఆ దారే పడుతుంది.

ఇంకో చిక్కు హద్దులది. మట్టం గీత సర్వే రాళ్లను చూసి నడవదు. ఒక రైతు చేలో మొదలై పక్క చేలోకి పోతుంది. చాలా ఊళ్లలో ఈ తగవు పడలేక గట్టును హద్దు వెంబడే వేసేస్తారు. హద్దు వాలుకు అడ్డంగా లేకపోతే అది నీటిని ఆపదు, ఒక మూలకు తోసి అక్కడ తెగుతుంది. ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి ఒకే గీతకు ఒప్పుకోవడం మేలు. కుదరకపోతే ఎవరి చేలో వారు మట్టం గీత మీదే వేసుకుని, హద్దు దగ్గర పక్కగట్టు పైకి తిప్పి మూసుకోవాలి.

కట్టేముందు అడుగున గడ్డి, వేళ్లు తీసి నేలను దున్నాలి, లేకపోతే కొత్త మట్టికీ పాత నేలకూ అతుకు పడదు, నీరు ఆ సందులోంచి ఊరుతుంది. మట్టి పైవైపు నుంచి తీయాలి. గట్టు అంచుకు అడుగు జాగా వదిలి, అడుగు లోతుకు మించకుండా, మధ్యమధ్య తవ్వని అడ్డం వదులుతూ తీయాలి. ఆ అడ్డాలు లేకపోతే గుంతలన్నీ కలిసి కాలువై నీరు గట్టు వెంట పరుగెత్తుతుంది. అలుగు గట్టి నేల ఉన్న చోట పెట్టి, గడపను 38 సెం.మీ. మట్టానికి సరిచూసి, అడుగునా కిందా రాళ్లు పేర్చాలి.

ఈ లెక్క ఎంత వాలు దాకా నడుస్తుంది? అదే సూత్రంలో 12 శాతం పెడితే V 3.3 మీటర్లు దాటుతుంది, ఎడం 28 మీటర్లు. నీటి లోతు 58 సెం.మీ. అవుతుంది, అది పరుచుకునేది 5 మీటర్లలోపే. అంతటి నీరు అంత ఇరుకు చోట, అంత ఎత్తు మట్టికట్ట మీద ఆనుకుంటే తెగడానికి ఎలుక బొక్క చాలు. అందుకే నీరు నిలబెట్టే గట్లను 6 శాతం దాటనివ్వరు. 16 శాతం దాటిన వాలుల్లో మెట్లే దారి.

మెట్ల లెక్క వానతో కాదు, మట్టి లోతుతో మొదలవుతుంది. పాడేరు వైపు కొండవాలు ఒకటి 20 శాతం అనుకుందాం, మట్టి లోతు 80 సెం.మీ. మెట్టు వేసేటప్పుడు పైసగం తవ్వి కిందిసగం నింపుతాం. తవ్విన చోట పైరుకు కనీసం 30 సెం.మీ. మట్టి మిగలాలంటే తవ్వకం 50కి మించకూడదు. తవ్వకానికి రెండింతలు మెట్టు ఎత్తు, అంటే ఒక మీటరు. గోడను ఒకటికి ఒకటి వాలుతో పెడితే మెట్టు వెడల్పు 4 మీటర్లు, గోడకు ఒక మీటరు. ఐదింట ఒకటో వంతు నేల గోడకే పోతుంది. వాన పాత్ర ఆ తర్వాత వస్తుంది: ఏడాదికి 1000 మి.మీ. దాటే అక్కడ మెట్టును కొండవైపుకు కొంచెం వాల్చి, లోపలి అంచున చిన్న కాలువ తీసి నీటిని పక్కకు నడిపించాలి. బయటికి వాల్చితే మొదటి ముసురుకే గోడలు జారతాయి. పైమట్టిని ముందుగా పక్కకు తీసి, మెట్టు అయ్యాక తిరిగి పరచకపోతే రెండు మూడేళ్లు తవ్విన సగంలో పైరు గిడసబారే ఉంటుంది.

మన ఎర్రనేల గట్లు సరిగా పడ్డాయో లేదో మొదటి పెద్ద వాన మర్నాడు చేలో నడిస్తే తెలుస్తుంది. గట్టు మీద తడి చార ఒక కొసన పైకీ, మరో కొసన కిందికీ ఉంటే అడుగు మట్టం తప్పింది. రెండు గట్ల మధ్య కింది భాగంలో వేలు పట్టే చిన్న చాళ్లు పడితే ఎడం ఎక్కువైంది, దున్నకం వాలుకు అడ్డంగా తిప్పినా అవి మళ్లీ పడితే మధ్యలో మరో చిన్న గట్టు వేయాలి. గట్టు వెనక నీరు రెండు రోజులు దాటినా ఇంకకుండా నిలిస్తే అలుగు గడపను నాలుగు వేళ్లు దించాలి. ఏటేటా వండ్రు పేరుకుని గట్టు వెనక నేల మట్టం పెరుగుతుంది కాబట్టి, నీటికి మిగిలిన లోతు 38 సెం.మీ. ఉందో లేదో వేసవిలో కొలిచి, తగ్గినంత మేర తలనూ అలుగునూ కలిపి ఎత్తుకోవాలి.