ఒకే కాగితం మీద రెండు ‘వరకు’లు

పద్దెనిమిదేళ్లుగా విజయవాడలో షాపులకు కరపత్రాలు, ఫ్లెక్సీలు, పేపర్ ప్రకటనలు రాస్తున్నాను. పెద్దక్షరాల దగ్గర నాకెప్పుడూ ఇబ్బంది రాలేదు. తగాదాలన్నీ అడుగున ఉండే చిన్నక్షరాల దగ్గరే వచ్చాయి. నేనే రాసిన ఒక కరపత్రం గురించి చెబుతాను. ఈ పనిలో ఉన్నవాళ్లకు, షాపులో ఆఫర్లు చూసుకునే మేనేజర్లకు పనికొస్తుంది.

అది దసరా ఆఫర్. మూడు జార్ల మిక్సీ 1,999 రూపాయలకే. అడుగున నేను రాసింది ఇంతే: ‘ఆఫర్ 12 వరకు. స్టాక్ ఉన్నంత వరకే. షరతులు వర్తిస్తాయి.’ మిక్సీలు ఉన్నవి 45. మొదటి రోజు మధ్యాహ్నానికే అయిపోయాయి. పన్నెండో తేదీ సాయంత్రం నూజివీడు నుంచి బస్సెక్కి భార్యాభర్తలు వచ్చారు. కరపత్రం మడత విప్పి, ‘పన్నెండు వరకు అని మీరే వేశారు కదండీ’ అన్నాడాయన. ‘స్టాక్ ఉన్నంత వరకే అని కూడా ఉంది కదా సార్’ అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు. ఆ కాగితం ప్రకారం ఇద్దరి మాటా నిజమే. నేను రెండు ‘వరకు’లు రాశాను గానీ, వాటిలో ఏది ముందు ముగిస్తే ఆఫర్ ముగుస్తుందో రాయలేదు. వాళ్ల బస్సు ఖర్చుకు, పోయిన పూటకు ఆ రాయకపోవడమే కారణం. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

‘వరకు’ మనకు చాలా అలవాటైన మాట. అందుకే అదెంత జారుడు మాటో గమనించం. ‘12 వరకు’ అంటే పన్నెండో తేదీ ఉందా, పదకొండుతో సరా? ‘12 లోపు’ అంటే సందేహం ఇంకా ఎక్కువ. ‘12 అర్ధరాత్రి వరకు’ అంటే ఒకరు పదకొండు దాటి పన్నెండు మొదలయ్యే రాత్రి అనుకుంటారు, ఇంకొకరు పన్నెండు దాటే రాత్రి అనుకుంటారు. ‘దసరా దాకా’ అన్నా తేలదు. తిథి రెండు రోజులకు సాగిన ఏడాది ఒక్కో క్యాలెండర్ ఒక్కో రోజు చూపిస్తుంది. పండుగ పేరు పైన శీర్షికలో ఎంత పెద్దగా వేసుకున్నా ఫరవాలేదు, గడువులో మాత్రం తేదీ, వారం, గంట ఉండాలి. సంవత్సరం కూడా వేయాలి. వాట్సాప్‌లో పాత కరపత్రం బొమ్మ మరుసటి ఏడు మళ్లీ తిరుగుతుంది, అది పట్టుకుని జనం వస్తారు.

గంట వేశాక ఇంకో ప్రశ్న ఉంటుంది. ఆ గంటకల్లా ఏ పని అయిపోవాలి? షాపులోకి రావాలా, లైన్లో నిలబడాలా, బిల్లు పడాలా? రాత్రి 9 గంటలకు షట్టర్ సగం దించినప్పుడు లోపల పదిమంది ఉంటారు. వాళ్ల సంగతి ముందే రాసుకోకపోతే ఆ నిర్ణయం కౌంటర్ కుర్రాడి మీద పడుతుంది. అతను ఒకరికి ఇచ్చి ఒకరికి లేదంటే గొడవ తప్పదు.

ఇక స్టాక్. ‘స్టాక్ ఉన్నంత వరకే’ అన్న మాట చదివిన మనిషికి ఏమీ చెప్పదు. 45 ఉన్నాయా, 4,500 ఉన్నాయా తెలియదు. అంకె తెలిస్తే దూరం నుంచి వచ్చేవాళ్లు బయలుదేరాలో వద్దో ఇంటి దగ్గరే తేల్చుకుంటారు. అంకె వేస్తే జనం రారని యజమానులు భయపడతారు. కానీ వేల కరపత్రాలు పంచి 45 మిక్సీలు పెట్టుకుని, ఆ అంకె దాచడం తప్పు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూన్‌లో తెచ్చిన మార్గదర్శకాలు కూడా ఈ మాటే చెబుతున్నాయి. ఎర వేసే ప్రకటనలో చెప్పిన ధరకు సరుకు అమ్మే అవకాశం నిజంగా ఉండాలి, సరుకు తక్కువగా ఉంటుందని తెలిస్తే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలి. కాబట్టి ‘45 మిక్సీలు మాత్రమే’ అన్నది చిన్నక్షరాల్లోకి పోకూడదు. 1,999 పక్కనే ఉండాలి.

ఆ మార్గదర్శకాల్లోనే మన ఊళ్లలో రోజూ దాటేసే నియమం ఒకటుంది. ప్రకటన ఏ భాషలో ఉంటే షరతులూ ఆ భాషలోనే ఉండాలి. పైన తెలుగులో ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ అని పెట్టి, అడుగున నాలుగు వరుసల ఇంగ్లీషు పెట్టే అలవాటు మానుకోవాలి. అక్షరం విషయంలోనూ అంతే, షరతుకు వాడే ఫాంటు ప్రకటనలో చెప్పిన మాట ఫాంటే కావాలన్నారు. పైన చెప్పిన తప్పుడు మాటను షరతుతో దిద్దుకోవడమూ కుదరదు. ‘అన్ని మిక్సీల మీద సగం ధర’ అని వేసి, కింద ‘ఎంపిక చేసిన మోడళ్లకే’ అంటే అది షరతు కాదు, పైమాట అబద్ధమని ఒప్పుకోవడం. పైమాటే మార్చాలి.

ఆ మిక్సీ ఆఫర్‌ను ఈ రోజు రాయాల్సి వస్తే, 2024 దసరా తేదీలతో ఇలా రాస్తాను:

‘ఆఫర్ 2024 అక్టోబర్ 10 గురువారం ఉదయం 10 గంటలకు మొదలై, అక్టోబర్ 12 శనివారం రాత్రి 9 గంటలకు ముగుస్తుంది. మొత్తం 45 మిక్సీలు. రోజుకు గవర్నర్‌పేట షాపులో 10, బెంజ్ సర్కిల్ షాపులో 5. ఏ షాపులో ఆ రోజు మిక్సీలు అయిపోతే ఆ షాపులో ఆ రోజుకు ఆఫర్ ముగిసినట్టే. మిగిలినవి మర్నాడు కలుపుతాం. ఒక ఫోన్ నంబరుకు ఒక మిక్సీ. చివరి రోజు రాత్రి 9 గంటలకు లైన్లో ఉన్నవారికి, మిక్సీలు మిగిలి ఉంటే, ఇదే ధర. ముందస్తు బుకింగ్ లేదు.’

పొడుగైంది, నిజమే. కానీ ఇందులో ప్రతి వాక్యం కౌంటర్ దగ్గర వచ్చే ఒక ప్రశ్నకు జవాబు. రోజువారీగా పంచడం వల్ల మూడో రోజు వచ్చినవాళ్లకూ అయిదో పదో దొరుకుతాయి. ‘ఒకరికి ఒకటే’ అని రాస్తే నలుగురున్న ఇంటి నుంచి నలుగురూ వచ్చి నాలుగు అడుగుతారు. ఫోన్ నంబరుకు ఒకటి అంటే అప్పుడూ రావచ్చు గానీ, బిల్లింగ్ కంప్యూటర్‌లో సరిచూసుకునే వీలుంటుంది. సరిచూసుకోలేని షరతు రాయకండి.

కూపన్ల గురించి ఒక్క మాట. ‘కొన్న 15 రోజుల్లోపు’ అంటే కొన్న రోజు లెక్కలోకి వస్తుందా రాదా అని వాదన వస్తుంది. గడువు తేదీనే కూపన్ మీద కొట్టిస్తే సరిపోతుంది.

పొడిగింపు విషయంలో మాత్రం యజమానితో గట్టిగానే మాట్లాడాలి. ‘ప్రజల కోరిక మేరకు మరో వారం’ అన్న ఫ్లెక్సీని మొదటి ఫ్లెక్సీతో పాటే అచ్చు వేయించమని నన్ను అడిగినవాళ్లున్నారు. అప్పుడు మొదటి గడువు గడువే కాదు, జనాన్ని తొందరపెట్టడానికి చెప్పిన అబద్ధం. ఆన్‌లైన్ అమ్మకాల్లో ఇలాంటి బూటకపు తొందరను 2023 నవంబర్‌లో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు పేరు పెట్టి మరీ నిషేధించాయి. నేను ఆ రెండో ఫ్లెక్సీ రాయనని చెప్పేస్తాను. నిజంగా సరుకు మిగిలి పొడిగిస్తే, ఎన్ని మిగిలాయో, కొత్త గడువు ఏమిటో రాయాలి.

ప్రూఫ్ చేతికొచ్చాక నేను చేసే పని ఒకటుంది. షాపుకు వెళ్లి, గేటు దగ్గరుండే వాచ్‌మన్‌కి, కౌంటర్‌లో కుర్రాడికి విడివిడిగా చదవమని ఇస్తాను. ‘పన్నెండో తేదీ రాత్రి ఎనిమిదిన్నరకు ఒకాయన వచ్చి మిక్సీ అడిగితే ఏమంటారు? బెంజ్ సర్కిల్‌లో అయిపోయాయని ఇక్కడికి వస్తే?’ అని అడుగుతాను. ఇద్దరి జవాబులూ ఒకటైతే ప్రెస్సుకు పంపుతాను. తేడా వస్తే ఆ వాక్యం మళ్లీ రాస్తాను.