మూడు మెట్లకు పద్దెనిమిది అడుగులు

ప్రశ్న: భద్రాచలంలో పెళ్లి పెట్టుకున్న సారపాక కుటుంబమొకటి అడుగుతోంది. పెళ్లికూతురి తాతయ్య చక్రాల కుర్చీలో, నాయనమ్మ వాకర్‌తో వస్తారు. ఫంక్షన్ హాలు ముందు మూడే మెట్లు. చెక్క పలక వేస్తామని, కాదంటే కుర్రాళ్లు ఎత్తేస్తారని మేనేజరు అంటున్నాడు. సరిపోతుందా?

జవాబు: సరిపోదు. మెట్టుకు ఆరంగుళాల చొప్పున మూడింటికీ అడుగున్నర ఎత్తు. అడుగు ఎత్తెక్కడానికి పన్నెండు అడుగుల పొడవు కావాలన్నది ర్యాంపులకు వాడుకలో ఉన్న లెక్క. అంటే ఇక్కడ 18 అడుగులు. ఆరడుగుల పలక వేస్తే కుర్చీ వెనక్కి తిరగబడొచ్చు, వాకర్ ముందు కాళ్లు నిలవవు. ఇక ఎత్తడమంటారా, బ్యాటరీ కుర్చీ అయితే మనిషితో కలిపి క్వింటాలు దాటుతుంది. పైగా పదిమంది ముందు మూటలా మోయించుకోవడం ఏ పెద్దాయనకు ఇష్టం?

అడ్వాన్సు ఇచ్చేముందు టేపు పట్టుకెళ్లాలి. కుర్చీ వెడల్పు ఈ చివరి చక్రం నుంచి ఆ చివరిదాకా కొలవాలి. మామూలుగా రెండడుగుల పైమాటే ఉంటుంది. గుమ్మాలు మూడడుగులుంటే చింతలేదు. చిక్కంతా బాత్రూమ్ దగ్గరే: తలుపు ఇరుకు, అదీ లోపలికే తెరుచుకుంటుంది, లోపల కుర్చీ తిరిగే చోటుండదు. భోజనాలు పై అంతస్తులోనా అని కూడా అడగాలి.

మూడడుగుల వేదికకు 36 అడుగుల ర్యాంపు ఎవరూ కట్టరు. అక్షింతల వేళ వధూవరులే కిందికి దిగితే సరి. భద్రాద్రి రాముడి కల్యాణమే, జనం పట్టాలని, గుడి లోపల కాక మిథిలా స్టేడియంలో జరుగుతుంది కదా!

చర్ల, దుమ్ముగూడెం వైపు ఊళ్లలో ఇంటి ముందు వేసే పందిరి చాలాసార్లు హాలుకన్నా నయం, మెట్లుండవు కాబట్టి. అయితే వాన పడిందంటే కుర్చీ చిన్న చక్రాలు బురదలో దిగబడతాయి. దారి పొడవునా ప్లైవుడ్ పరచాలి. ముడతలు పడే తివాచీలు, అడ్డంగా లాగిన జనరేటర్ వైర్లు వాకర్‌కు శత్రువులు.

ప్రశ్న: చెవి మిషన్ పెట్టుకునే పెదనాన్న పెళ్లిళ్లకు రావడమే మానేశారు. ఏంచేయాలి?

జవాబు: మిషన్ మాటతోపాటు డోలునూ పెంచుతుంది. ఎదుటి మనిషి నాలుగైదు అడుగుల దూరంలో, ముఖం కనిపించేలా మాట్లాడితేనే అది బాగా పనిచేస్తుంది. ఆయన సీటు సౌండు బాక్సులకు, మేళానికి దూరంగా, వెలుతురులో ఉండాలి. భోజనాల చోట పాటలు ఆపేస్తే ఇంకా మేలు.

ప్రశ్న: శుభలేఖలో ఏమని రాయాలి?

జవాబు: “వికలాంగులకు ప్రత్యేక ఏర్పాట్లు కలవు” అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఉన్నదున్నట్టు రాస్తే చాలు: “ప్రవేశం దగ్గర ర్యాంపు ఉంది. భోజనాలు కింది అంతస్తులోనే. బాత్రూమ్‌లోకి చక్రాల కుర్చీ పడుతుంది. ఇంకేదైనా ఏర్పాటు కావాలంటే వారం ముందుగా ఈ నంబరుకు ఫోన్ గానీ వాట్సాప్ గానీ చేయగలరు.” ఫోన్ నంబరొక్కటే ఇస్తే వినికిడి తక్కువైనవారు అడగలేరు. బాత్రూమ్ సౌకర్యం లేకపోతే లేదనే రాయాలి. అప్పుడు వచ్చేవారు దగ్గర్లో బస చూసుకుంటారు.