చౌడు కడిగే ముందు జిప్సం

తుంగభద్ర ఎడమ కాలువ కింద సింధనూరు, మాన్వి, సిరవార, మస్కి ప్రాంతాల్లో రెండో పంట కోతలు అయిపోయి, కాలువ కట్టేసి, మడులు ఎండి నెర్రెలిచ్చే కాలం ఇది. చౌడు సంగతి చూసుకోవడానికి మే నెలను మించిన అదను లేదు. భూమిలో నీటిమట్టం ఏడాది మొత్తంలో ఇప్పుడే బాగా దిగుతుంది. ఉప్పు పైకి తేలి కంటికి కనబడుతుంది. జులైలో నీళ్లు వదిలాక ఎలాగూ మడి కడుగుతాం కదా అని చాలామంది ఈ రెండు నెలలూ ఊరుకుంటారు. అలా జిప్సం వేయకుండా తియ్యటి కాలువ నీటితో కడిగితే కొన్ని నేలలు బాగుపడకపోగా మరింత చెడతాయి. ఏ నేలలు అలా చెడతాయో, వాటిని ఎలా గుర్తుపట్టాలో తెలిస్తే ఈ వేసవిలో చేయవలసిన పని తేలిపోతుంది.

ఈ చౌడు ఎక్కడినుంచి వచ్చిందో ముందు చూద్దాం. హోస్పేట దగ్గర తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయింది. ఎడమ కాలువ ఆయకట్టులో ఎక్కువ భాగానికి ఆరుతడి పంటలకు సరిపడా నీరే లెక్కగట్టారు. జొన్న, పత్తి, వేరుశనగలాంటివి పండించాలని, వరి కొద్దిపాటి నేలలోనే ఉండాలని అనుకున్నారు. కోస్తా జిల్లాలనుంచి వచ్చి భూములు కొని, చెట్లు కొట్టి, క్యాంపులు కట్టుకున్న మనవాళ్లకు తెలిసిన సేద్యం వరి. వాళ్లను చూసి ఊళ్లలోని కన్నడ రైతులూ వరిలోకి దిగారు. వరి అన్నం పెట్టింది, పిల్లలను చదివించింది, దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఇక్కడి నల్లరేగడిలోంచి నీరు కిందికి దిగడం చాలా నెమ్మది. మురుగు పోయే దారి లేకుండా రెండు పంటలకు మడిలో నీళ్లు నిలబెడితే, ఆ నీరు భూమిలో చేరి నీటిమట్టాన్ని ఏటా కొంచెం పైకి లేపుతుంది. అది ఆరడుగుల లోపలికి వచ్చిందంటే ఎండాకాలంలో ఊట మట్టిని పట్టుకుని పైకి పాకుతుంది. నీరు ఆవిరైపోతుంది, అందులోని ఉప్పు నేలపైన మిగిలిపోతుంది. అందుకే కాలువ గట్టు పక్క పొలాలూ, వాగువార పల్లపు మడులూ ముందు పాడవుతాయి.

చౌడులో రెండు రకాలున్నాయి. పాలచౌడులో కరిగే లవణాలు ఎక్కువ. గట్ల మీద, దున్నిన చాళ్ల అంచుల మీద తెల్లటి పొర కడుతుంది. నేలలో తేమ ఉన్నా పైరు దాన్ని పీల్చుకోలేక వాడుతుంది. కారుచౌడులో తంటా వేరే. ఇందులో కరిగే ఉప్పు ఎక్కువ లేకపోవచ్చు, కానీ బంకమట్టి రేణువులను పట్టుకుని సోడియం కూర్చుంటుంది. తడిస్తే ఆ రేణువులు ఒకదాన్నొకటి వదిలేసి చెదిరిపోయి, మట్టిలోని సందులన్నీ పూడ్చేస్తాయి. పైన నీళ్లు నిలిచే ఉంటాయి, కింద వేరుకు గాలి ఆడదు. ఆరాక పెళ్ల రాయిలా బిగుసుకుంటుంది. మన ఆయకట్టులో ఈ రెండూ కలిసిన మడులు తక్కువేమీ కాదు. అసలు ప్రమాదం వాటిలోనే ఉంది.

ఎందుకంటే ఆ మడిలో ఉప్పు ఉన్నంత కాలం అది సోడియం చేసే చెరుపును కొంత కప్పిపుచ్చుతుంది. ఉప్పునీటిలో బంకమట్టి రేణువులు చెదరవు, గుంపుగానే ఉంటాయి. జులైలో కాలువ నీరు, అందులోనూ లవణాలు తక్కువ ఉన్న మంచి నీరు, పెట్టి కడిగితే ఉప్పు పోతుంది, సోడియం మాత్రం రేణువులను వదలదు. కాపలా పోయిన మట్టి ఒక్కసారిగా చెదిరి మూసుకుపోతుంది. పరీక్ష చేయిస్తే ఈసీ తగ్గిందని వస్తుంది, రైతు సంతోషిస్తాడు. నాట్లు వేశాక పైరు ఎర్రబారి గిడసబారిపోతుంది. అప్పుడు పీహెచ్ చూస్తే అంతకుముందుకన్నా పెరిగి ఉంటుంది. కాబట్టి ఈసీ ఒక్కదాన్ని నమ్ముకుని నేల బాగుపడిందనుకోకూడదు.

ఈసీ అంటే మట్టి కలిపిన నీటిలోంచి కరెంటు ఎంత సులువుగా పోతుందో చెప్పే కొలత. ఉప్పు ఎక్కువైతే అంకె పెరుగుతుంది. ఇక్కడ రిపోర్టు చదవడంలో ఒక మెలిక ఉంది. పుస్తకాల్లో 4 దాటితే పాలచౌడు అని రాసేది, మట్టిని సరిగ్గా ముద్దగా అయ్యేంత నీటితో తడిపి, ఆ ముద్దలోంచి లాగిన నీటి ఈసీ గురించి. మన పరీక్షా కేంద్రాల్లో సాధారణంగా చేసేది ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల నీరు కలిపి చూడటం. వంద గ్రాముల నల్లరేగడి ముద్ద కావడానికి 70, 80 గ్రాముల నీరు చాలు. రెండో పద్ధతిలో పోసేది 250 గ్రాములు. ఉప్పు మూడు రెట్లకు పైగా పలచబడిందన్నమాట. అందుకే రిపోర్టులో 1.6 అని ఉంటే నాలుగుకు చాలా దూరంలో ఉన్నామని నిశ్చింతగా ఉండొద్దు. నల్లనేలలో దాన్ని సుమారు మూడుతో హెచ్చవేసి చూడండి, 5 దగ్గరికి వస్తుంది. ముద్ద లెక్కన 3 దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. పత్తి 7 దాటేదాకా ఓర్చుకుంటుంది. రిపోర్టు తీసుకునేటప్పుడే ఏ పద్ధతిలో కొలిచారో అడిగి రాయించుకోండి. చేతి మీటరు కొనుక్కున్నవారు అది మైక్రోసీమెన్స్‌లో చూపిస్తే వెయ్యితో భాగించాలి.

మట్టి తీసేటప్పుడు పైన పేరుకున్న తెల్లపొరను నమూనాలో కలపకండి. పైరు బాగున్న చోటినుంచి ఒకటి, చెడిన చోటినుంచి ఒకటి విడిగా తీయండి. ప్రతి చోటా పై అరడుగు మట్టి, దాని కింది అరడుగు, ఆపైన మూడడుగుల లోతుదాకా మరో రెండు పొరలు వేరువేరు సంచుల్లో కట్టండి. సాయిల్ హెల్త్ కార్డులో పీహెచ్, ఈసీ ఉంటాయి గాని సోడియం ఉండదు. రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలోగాని, చౌడు నేలల మీద అఖిల భారత సమన్వయ పరిశోధన జరిగే గంగావతి వ్యవసాయ పరిశోధనా కేంద్రంలోగాని అడిగి, మార్పిడి సోడియం ఎంతో, జిప్సం అవసరం ఎంతో విడిగా కట్టించుకోవాలి. ఎక్కడ ఇవ్వాలో తెలియకపోతే మీ హోబళి రైతు సంపర్క కేంద్రంలో కనుక్కోండి.

రిపోర్టు వచ్చేలోగా ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. గాజు గ్లాసులో వాననీరో డిస్టిల్డ్ వాటరో పోసి, శనగగింజంత ఎండు మట్టిపెళ్లను మెల్లగా వదలండి. బోరు నీరు వద్దు, అందులోని ఉప్పు ఫలితాన్ని దాచేస్తుంది. గ్లాసును కదపకుండా ఉంచితే మంచి నేల పెళ్ల పగిలి ముక్కలై అడుగున పడుతుంది, నీరు తేటగానే ఉంటుంది. సోడియం పట్టిన పెళ్ల చుట్టూ పది నిమిషాల్లో మసక వలయం మొదలై, రెండు గంటలయ్యేసరికి గ్లాసంతా పరుచుకుంటుంది. ఇప్పుడు తెల్లపొర ఉన్న మడి మట్టినే తీసుకుని, రెండు మూడుసార్లు వాననీటితో కడిగి ఆరబెట్టి మళ్లీ వేయండి. మొదటిసారి తేటగా ఉండి కడిగాక మసకబారితే మీ మడి ఆ రెండూ కలిసిన రకమే. దానికి నీళ్లకంటే ముందు జిప్సం పడాలి. కడిగాక కూడా తేటగానే ఉంటే ఉత్త పాలచౌడు కావచ్చు. రిపోర్టులోనూ సోడియం తక్కువే అని వస్తే జిప్సం కొనడం డబ్బు వృథా. మురుగు కాలువ, మంచి నీరు ఉంటే చాలు.

జిప్సం ఎంత వేయాలో ఒక లెక్క వేసి చూద్దాం. రిపోర్టులో నేలకు సోడియం, కాల్షియంలాంటి వాటిని పట్టుకునే శక్తి, అంటే సీఈసీ, 50 అని, అందులో సోడియం 11 అని ఉందనుకోండి. నూటికి 22 పాళ్లు సోడియమే. 15 దాటితే కారుచౌడు అంటారు గాని నల్లనేల అంతకంటే తక్కువలోనే బిగుసుకుంటుంది కాబట్టి 10కి దించాలి. అంటే సోడియం 5కు రావాలి, 6 పాళ్లు తొలగించాలి. ఎకరంలో పై అరడుగు మట్టినుంచి ఒక్కో పాలు తొలగించడానికి స్వచ్ఛమైన జిప్సం సుమారు 7 క్వింటాళ్లు కావాలి. మొత్తం 42 క్వింటాళ్లు. మార్కెట్లో దొరికేది 75 శాతం స్వచ్ఛత ఉన్నదైతే 56 క్వింటాళ్లు. ఇంతా ఒకేసారి అక్కర్లేదు. వరి వేళ్లు, మడిలో కుళ్లే పచ్చిరొట్ట వదిలే బొగ్గుపులుసు గాలి నల్లనేలలో ఉన్న సున్నపు గులకలను కొంత కరిగించి మిగతా పని చేస్తుంది. అందుకే మొదటి ఏడు సగం, అంటే 28 క్వింటాళ్లు వేస్తే సరిపోతుంది. ఆ గులకలు ఉన్నాయి కదా అని జిప్సం మానేస్తే మాత్రం అవి వాటంతట అవి చాలినంత కరగవు. జిప్సం బదులు సున్నం చల్లడమూ పనికిరాదు. కొనేముందు చిటికెడు పొడి మీద వెనిగర్ చుక్కలు వేసి చూడండి. బాగా పొంగితే అందులో సున్నపురాయి కలిసింది.

వేసే పద్ధతికి వస్తే, ముందు మడి చదును చేసి గట్లు బిగించండి. మెత్తటి జిప్సం పొడిని సమంగా చల్లి, పై నాలుగంగుళాల్లోనే కలియదున్నండి. లోతుగా దున్నితే మందు పలచబడిపోతుంది. ఆ తర్వాత నీరు పెట్టండి, దమ్ము మాత్రం చేయకండి. దమ్ము చేస్తే జిప్సం తెరిచిన సందులను మనమే మూసినట్టవుతుంది. జిప్సం అంత తేలిగ్గా కరగదు, లీటరు నీటిలో రెండున్నర గ్రాములే కరుగుతుంది. మనం వేసిన మోతాదు పూర్తిగా కరగాలంటే మడి మీద మొత్తం ఎనిమిది అంగుళాల నీరు పట్టాలి. మూడు నాలుగు అంగుళాల చొప్పున నిలబెట్టి, ఇంకాక మళ్లీ పెడుతూ రెండు మూడు వారాలు సాగనివ్వండి. పైనుంచే తూములోకి వదిలేస్తే పైపొర ఉప్పు పోతుందే గాని లోపలిది అలాగే ఉంటుంది. నీరు నేలలోంచే దిగాలి.

దిగిన నీరు బయటికి పోయే దారి కావాలి, లేకపోతే కడిగిన సోడియం పక్కకే చేరి మార్చి, ఏప్రిల్ ఎండలకు తిరిగి పైకి వస్తుంది. మడి పల్లపు వైపు మూడడుగుల మురుగు కాలువ తీసి వాగులోకి కలపండి. పక్క పొలం మీదికి వదిలితే చౌడు వాళ్లకు చేరుతుంది, కాబట్టి ఒకే వాగుకు మురుగు పోయే రైతులంతా కలిసి ముందు వాగు పూడిక తీయించడం మంచిది. భూమిలో చిల్లుల పీవీసీ గొట్టాలు వేసే పద్ధతి ఇంకా బాగా పనిచేస్తుంది గాని ఖర్చు పెద్దది, ఒక్కరి పొలానికి గిట్టదు.

కడగడం అయ్యాక అదను ఉంటే జీలుగ చల్లి 45 రోజులకు కలియదున్నండి. నాటుకు ముదురు నారు, 30 రోజులు దాటినది, కుదురుకు మూడు నాలుగు మొక్కలు పెట్టండి. చౌడులో జింకు అందదు కాబట్టి ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయండి. కాలువ చివర వాగు నీళ్లు తోడుకునేవారు ఆ నీటి ఈసీ, సోడియం కూడా చూపించుకోవాలి. ఆ నీరే చౌడుదైతే వేసిన జిప్సం ఏటా దానికే సరిపోతుంది.

వచ్చే మేలో అవే చోట్ల, అవే లోతుల్లో మట్టి తీసి మళ్లీ పరీక్ష చేయించండి. పై అరడుగులో ఈసీతో పాటు పీహెచ్, సోడియం కూడా తగ్గి ఉంటే మిగిలిన సగం జిప్సం అక్కర్లేకపోవచ్చు. ఈసీ తగ్గి పీహెచ్ పెరిగి ఉంటే ఆ సగాన్ని జూన్ వానలకు ముందే వేసేయండి.