రాత్రి తొమ్మిదింటి హాస్టల్ గురించి రాయండి

గోడ మీద పోస్టరైనా, వాట్సాప్‌లో తిరిగే ఫొటో అయినా, ఉద్యోగినుల హాస్టల్ ప్రకటనలో ఎక్కువగా కనిపించేవి మూడే ముక్కలు: ఫుల్ సెక్యూరిటీ, బస్టాండుకు ఐదు నిమిషాలు, ఇంటి వాతావరణం. వీటిలో అబద్ధం లేకపోవచ్చు. పొద్దున పదింటికి, స్కూటీ మీద వెళ్తే అన్నీ నిజమే. కానీ గది వెతుక్కునే అమ్మాయి అడిగే మొదటి మాట వేరు. "అక్కా, గేటు ఎన్నింటికి బంద్ చేస్తరు? డ్యూటీ లేటైతే ఎట్ల?" కాబట్టి హాస్టల్ నడిపే మీరు ఒకసారి రాత్రి తొమ్మిదింటికి మీ గల్లీ మొదట్లో నిలబడి చూసి, ఆ తర్వాత ప్రకటన రాయండి.

మహబూబ్‌నగర్ మెట్టుగడ్డ దగ్గర ఒక హాస్టల్ ఉందనుకుందాం. అందులో చేరేది ఒక స్టాఫ్ నర్సు, జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లో ఫార్మా ల్యాబ్‌కు పోయే ఇంకో అమ్మాయి. నర్సుకు మధ్యాహ్నం డ్యూటీ రెండు నుంచి ఎనిమిది దాకా. అది చార్టులో మాట. తర్వాతి నర్సు వచ్చి, పేషెంట్లను అప్పగించి, రిజిస్టరు రాసి బయటపడేసరికి ఎనిమిదిన్నర. పగలు చిటికెలో నిండే షేర్ ఆటో ఆ వేళకు నిండేదాకా కదలదు. తొందరైతే ఖాళీ సీట్ల డబ్బులూ ఆమే కట్టుకోవాలి. దిగాక గల్లీలో నడక. మీ గేటు తొమ్మిదింటికే మూస్తారని ప్రకటనలో లేదు, అడ్వాన్సు కట్టాక చెప్పారు. ఇక నెలంతా వార్డెన్‌తో పంచాయితీయే.

అందుకే "బస్టాండుకు ఐదు నిమిషాలు" కొట్టేసి ఇలా రాయండి: "మెయిన్ రోడ్డు మీద ఆటో దిగాక ఆరు నిమిషాల నడక. మలుపు దాకా వీధి దీపాలున్నాయి, తర్వాత లేవు. రాత్రి ఎనిమిదిన్నర దాటితే షేర్ ఆటోలు తక్కువ." ఆ ఆరు నిమిషాలు మీరు చెప్పులేసుకుని, ఫోన్‌లో టైం చూసుకుంటూ నడిచి రాసినవి కావాలి. ఫార్మా అమ్మాయికి బస్టాండుతో పనే లేకపోవచ్చు. కంపెనీ బస్సు ఎక్కించుకునే పాయింటు ఎంత దూరమో అదే ఆమెకు కావాలి. నల్లగొండ హాస్టల్‌లో ఉండి నార్కట్‌పల్లికి రోజూ పోయొచ్చే ఆమె లెక్క ఇంకో రకం. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ డబ్బులు లేవు. అంటే ఆమె నెల ఖర్చు తేలేది స్టాపు నుంచి హాస్టల్‌కు పట్టే ఆటో దగ్గరే. మీ స్టాపులో ఆ బస్సులు ఆగుతాయో లేదో, ఆటోకు ఎంతవుతుందో రాస్తే చాలు.

భద్రత దగ్గర "సీసీ కెమెరాలు కలవు" అని వదిలేయకండి. గేటు దగ్గరా, మెట్ల మీదా, వరండాలోనా? కరెంటు పోతే నడుస్తాయా? అన్నిటికంటే ముఖ్యం, ఆ దృశ్యాలు ఎవరి ఫోన్‌లో కనిపిస్తాయి? ఓనరు కొడుకు ఫోన్‌లో అయితే చాలామంది అమ్మాయిలు రారు. రాకపోవడం వాళ్ల హక్కు. వార్డెన్ రాత్రి అక్కడే పడుకుంటుందా, ఆమె ఊరికి పోయిన రోజు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది అన్నదీ రాయాల్సిందే.

అయితే నిజాయితీ పేరుతో అన్నీ బయట పెట్టేయొద్దు. వెనక తలుపు గొళ్లెం ఊడిందని పోస్టర్ మీద వేస్తే అది దొంగకు పిలుపు. ముందు బాగు చేయించండి. అప్పటిదాకా గది చూడటానికి వచ్చినవాళ్లకు మాత్రం నోటితో చెప్పండి. ఇప్పటికే ఉంటున్నవాళ్ల ముఖాలు, వాళ్ల డ్యూటీ వేళలు ఫొటోల్లోకి రానీయకండి.

"స్ట్రిక్ట్ రూల్స్" అంటే ఏమీ చెప్పనట్టే. రూలు రాస్తే టైం, మినహాయింపు, తప్పితే ఏమవుతుంది అన్న మూడూ రాయాలి. ఉదాహరణకు: "గేటు రాత్రి 9:30 వరకు. డ్యూటీ చార్టు ముందే చూపిస్తే 11 దాకా తీస్తాం. చెప్పకుండా ఆలస్యమైతే ముందు మీకే ఫోన్ చేస్తాం. మీరు ఎత్తకపోతేనే ఇంటికి చేస్తాం." ఆ చివరి వాక్యం చాలా హాస్టళ్లు రాయవు. ముప్పై ఏళ్ల బ్యాంకు ఉద్యోగిని పది నిమిషాలు ఆలస్యమైతే తండ్రికి ఫోన్ పోతుందంటే, ఆ సంగతి హాస్టల్‌లో చేరకముందే ఆమెకు తెలియాలి. ఖాళీ చేసేటప్పుడు ఎన్ని రోజుల ముందు చెప్పాలో, అడ్వాన్సులో ఎంత పట్టుకుంటారో కూడా ఇక్కడే రాయండి.

ఇంకొకటి. రాత్రి డ్యూటీ చేసి వచ్చే అమ్మాయి పగలు పడుకుంటుంది. నలుగురుండే గదిలో పొద్దున్నే మిక్సీ, మోటారు, ఊడ్పు చప్పుళ్ల మధ్య ఆమెకు నిద్ర పట్టదు. అలాంటివాళ్లకు వేరే గది ఇవ్వలేకపోతే "నైట్ డ్యూటీ వాళ్లకు వీలుకాదు" అని ప్రకటన మొదటి వరుసలోనే రాయండి. ఆమె పెట్టె, పరుపు ఆటోలోంచి దించాక చెప్పే మాట కాదది.