పాఠం: రోడ్డు మీద సొరచేప

పిల్లలూ, వరద నీళ్లు నిండిన రోడ్డు మీద, కారు పక్కనే సొరచేప (అంటే షార్క్) ఈదుతున్న ఫోటో చూశారా? 2011లో ఐరీన్ తుఫాను వచ్చినప్పుడు, అది ప్యూర్టో రికోలో తీసిందని అందరూ పంచుకున్నారు. 2017లో హ్యూస్టన్‌లో వరదలొస్తే మళ్ళీ అదే ఫోటో! నిజానికి ఆ సొరచేప దక్షిణాఫ్రికా సముద్రంలో ఒక చిన్న పడవ వెనక ఈదుతోంది. ఎవరో దాన్ని కత్తిరించి రోడ్డు ఫోటోలో అతికించారు.

ఈ ఫోటోని ఎవరైనా ఇవాళ ఎక్స్‌లో "మా ఊరి వరద" అని పెట్టారనుకుందాం. దాని కింద నోట్ ఎలా వస్తుంది?

నోట్ రాసేది కంపెనీ వాళ్ళు కాదు, పేరు నమోదు చేసుకున్న మామూలు మనుషులు రాయొచ్చు. ఒకరు "ఇది పాత ఫోటో, అతికించింది" అని రాసి, రుజువుగా ఒక లింకు ఇస్తారు. ఆ నోట్ వెంటనే అందరికీ కనిపించదు. మిగతా సభ్యులు చదివి, పనికొస్తుందో లేదో చెప్పాలి. ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఎక్కువ ఓట్లు వస్తే చాలదు. క్రికెట్‌లో హైదరాబాద్ అభిమానులు మాత్రమే "అవుట్" అని అరిస్తే నమ్ముతామా? చెన్నై అభిమానులు కూడా ఒప్పుకుంటే నమ్ముతాం. అలాగే, మామూలుగా ఒకరి మాట ఒకరికి పడని వాళ్ళు కూడా ఈ నోట్ బాగుందంటేనే, పోస్టు కింద "Readers added context" అని కనిపిస్తుంది.

సొరచేప గురించి పెద్దగా గొడవ ఉండదు. రాజకీయాల మీద అయితే రెండు వైపుల వాళ్ళూ ఒప్పుకోరు, సరైన నోట్ కూడా అలాగే ఉండిపోతుంది. అందుకే నోట్ లేదు కాబట్టి పోస్టు నిజం అనుకోకూడదు.

మరి నోట్ వచ్చాక ఆ పోస్టు ఆగిపోతుందా? ఆగదు. నోట్ ఉందని ఎక్స్ దాన్ని దాచేయదు. కానీ నోట్ చూసినవాళ్ళు తక్కువగా పంచుకుంటారు. ముందే లైక్ కొట్టినవాళ్ళకి కబురు వెళ్తుంది. పోస్టు పెట్టినవాళ్ళకి దాని మీద డబ్బు రాదు. చిక్కల్లా ఆలస్యమే. నోట్ వచ్చేలోపు చాలామంది చూసేసి ఉంటారు. ఎవరో స్క్రీన్‌షాట్ తీసి అమ్మమ్మ వాట్సాప్‌కి పంపేసి ఉంటే, తర్వాత వచ్చిన నోట్ అందులో ఉండదు కదా!

ఫేస్‌బుక్ పద్ధతి వేరుగా ఉండేది. ఫ్యాక్ట్‌చెక్ సంస్థ వాళ్ళు పరిశీలించి "తప్పు" అంటే, లేబుల్ పెట్టడమే కాదు, ఆ పోస్టుని తక్కువమందికి చూపించేవారు. అమెరికాలో 2025లో దాన్ని ఆపేసి నోట్స్ మొదలుపెట్టారు. ఈ నోట్స్ వల్ల పోస్టు కిందకి దిగదు.

అభ్యాసం
1. వంద మంది "బాగుంది" అన్నా ఒక నోట్ ఎందుకు కనిపించకపోవచ్చు?
2. అమ్మమ్మకి వచ్చిన స్క్రీన్‌షాట్‌కి నోట్ ఉందో లేదో ఎక్కడ వెతకాలి?
3. సొరచేప ఫోటోకి రెండు వాక్యాల్లో నోట్ రాయండి.